కాపలా లేని పని: తప్పిన ప్రయత్నాన్ని మళ్ళీ ఎప్పుడు చేయాలి?

పగటి వేళ కంప్యూటరు ఒక ఫైలును పంపలేకపోతే ఎదుట కూర్చున్న ఉద్యోగి ఆ సంగతి గమనిస్తాడు. కాసేపు ఆగి, టీ తాగి వచ్చి, మళ్ళీ మీట నొక్కుతాడు. ఆ ‘కాసేపు’ ఎంత అన్నది ఆయన లెక్క వేయడు. పది మంది ఉద్యోగులకు అదే ఇబ్బంది ఎదురైతే పది మందీ పది రకాలుగా ఆగుతారు. ఒకరు రెండు నిమిషాలు, మరొకరు పావుగంట. రెండోసారీ పని జరగకపోతే ఇంకొంచెం ఎక్కువసేపు ఆగుతారు. అర్ధరాత్రి ఎవరూ లేనప్పుడు తనంతట తాను నడిచే పనికి ఈ ఇంగితం ఉండదు. ప్రోగ్రాము రాసినవారు దానిని ముందుగానే అందులో పొందుపరచాలి. ఇంజనీర్లు ఎక్స్‌పోనెన్షియల్ బ్యాకాఫ్ అనీ, జిట్టర్ అనీ పిలిచే రెండు పద్ధతులు ఈ ఇంగితానికి లెక్కల రూపాలే. మొదటిది, విఫలమైన ప్రతిసారీ ఎదురుచూపును రెట్టింపు చేయడం. రెండవది, ఆ ఎదురుచూపును ఒక్కొక్కరికి ఒక్కొక్క రకంగా, యాదృచ్ఛికంగా నిర్ణయించడం. మొదటిదాని గురించి చాలామందికి తెలుసు. రెండవది లేకుండా మొదటిది ఎంత తక్కువ మేలు చేస్తుందో లెక్క వేసి చూసినవారు తక్కువ. ఆ లెక్కను ఇక్కడ పూర్తిగా చేసి చూద్దాం.

ఒక పెద్ద కర్మాగారాన్ని ఊహించుకుందాం. అందులో 120 విద్యుత్ ఫీడర్లు ఉన్నాయి. ప్రతి ఫీడరు వద్ద మీటరుకు అనుసంధానించిన ఒక చిన్న కంప్యూటరు ఉంది. మన దేశంలో విద్యుత్ గ్రిడ్ లెక్కలు 15 నిమిషాల కాలఖండాలలో నడుస్తాయి గనుక రోజుకు 96 రీడింగులు చేరతాయి. వాటన్నిటినీ ఒక ఫైలుగా కట్టి, రాత్రి సరిగ్గా 00:15 గంటలకు కేంద్ర సర్వరుకు పంపాలి. ఉదయం 6 గంటల షిఫ్టు ఇంజనీరు చేతికి క్రితం రోజు వినియోగ పట్టిక అందాలి. దానిని ఆధారం చేసుకునే ఆయన ఆనాటి విద్యుత్ అవసరాన్ని అంచనా వేస్తాడు. కొన్ని ఫీడర్ల లెక్క రాకపోతే ఆ అంచనా ఊహ మీద నడుస్తుంది. ఊహ తప్పితే వాడకానికీ ముందు ప్రకటించిన షెడ్యూలుకీ తేడా వచ్చి, ఆ తేడాకు రుసుము పడుతుంది.

సర్వరు ఒకేసారి 8 ఫైళ్ళను స్వీకరించగలదనీ, ఒక్కొక్క ఫైలుకు 2 సెకన్లు పడుతుందనీ అనుకుందాం. అంటే సెకనుకు 4 ఫైళ్ళు. మొత్తం 120 ఫైళ్ళకు అవసరమైనది కేవలం 30 సెకన్లు. పంపే కంప్యూటరు 10 సెకన్లలో జవాబు రాకపోతే ప్రయత్నం విఫలమైందని భావించి సంబంధం తెంచుకుంటుంది. మొదటి వైఫల్యం తరువాత 2 సెకన్లు, ఆ పైన 4, 8, 16 ఇలా రెట్టింపు చేస్తూ ఆగుతుంది. చూడడానికి ఇది సక్రమమైన ఏర్పాటే.

00:15:00కి 120 అభ్యర్థనలూ ఒక్కసారిగా వచ్చి పడతాయి. మొదటి 10 సెకన్లలో సర్వరు 40 ఫైళ్ళను పూర్తి చేస్తుంది. మిగిలిన 80 కంప్యూటర్లు విసిగి సంబంధం తెంచుకుంటాయి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. అవి వెళ్ళిపోయిన సంగతి సర్వరుకు తెలియదు. ఆ 80 అభ్యర్థనలు దాని వరుసలో అలాగే ఉన్నాయి. జవాబు అందుకునేవారు లేకపోయినా అది వాటిని ఒక్కొక్కటిగా తీసి పని చేస్తూనే ఉంటుంది. జవాబు పంపబోయినప్పుడు గానీ అవతల ఎవరూ లేరని దానికి తెలిసిరాదు. ఈ అనాథ అభ్యర్థనలను ముగించడానికి దానికి మరో 20 సెకన్లు, అంటే 30వ సెకను వరకు పడుతుంది.

ఈలోగా ఆ 80 కంప్యూటర్లూ, ఒకే క్షణంలో విఫలమై ఒకే 2 సెకన్లు ఆగాయి గనుక, 12వ సెకనున మళ్ళీ ఒకేసారి వస్తాయి. అనాథల వెనుక నిలబడతాయి. 22వ సెకనుకు వాటి ఓపిక తీరుతుంది. ఒక్కదానికీ జవాబు రాదు. పైగా వరుసలో మరో 80 అనాథలు చేరాయి. తరువాతి రాక 26వ సెకనున. అప్పటికి సర్వరు వరుస 50వ సెకను వరకు నిండి ఉంది. మళ్ళీ ఒక్కటీ నెగ్గదు. 44వ సెకనున వచ్చినప్పుడు వరుస 70 వరకు, 70వ సెకనున వచ్చినప్పుడు 90 వరకు నిండి ఉంటుంది. 112వ సెకనున ఆరవ ప్రయత్నం నాటికి మాత్రమే సర్వరు ఖాళీగా దొరుకుతుంది. ఈ విడతలో 40 నెగ్గుతాయి. చివరి 40 కంప్యూటర్లు 64 సెకన్లు ఆగి, 186వ సెకనున ఏడవ ప్రయత్నంలో బయటపడతాయి.

అంటే 30 సెకన్ల పనికి 196 సెకన్లు పట్టింది. సర్వరు చేసిన పని 120 ఫైళ్ళది కాదు, 560 ఫైళ్ళది. రెండవ ప్రయత్నం నుండి ఐదవదాని వరకు నాలుగు విడతలు పూర్తిగా వృథా. ప్రోగ్రాము రాసినవారు జాగ్రత్త పేరుతో ‘ఐదు ప్రయత్నాలు చాలు, ఆపై ఆపివేయి’ అని రాసి ఉంటే, ఉదయానికి 120కి 80 కంప్యూటర్లు తమ పని విఫలమైందనే చెబుతాయి. సర్వరు చెడిపోలేదు, నెట్‌వర్కు తెగలేదు, మీటర్లన్నీ బాగానే ఉన్నాయి. ఇటువంటి ఉదయాన తప్పు ఎవరిదని విచారణ మొదలైతే ఏ విభాగం లాగ్‌లోనూ దోషం దొరకదు.

రెట్టింపు చేయడం వలన గుంపు తక్కువ తరచుగా వస్తుందేగానీ చెదిరిపోదు. మొదటి ఎదురుచూపు 2 సెకన్లకు బదులు 60 సెకన్లు పెట్టితే సరిపోదా అని ఆలోచనాపరుడైన పాఠకుడు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పై ఉదాహరణలో అలా చేస్తే మొత్తం అభ్యర్థనలు 240కి తగ్గుతాయి. అది గణనీయమైన మేలు. అయితే గుంపు గుంపుగానే వస్తుంది గనుక ఒక్కో విడతలో 40కి మించి నెగ్గలేవు. ఫీడర్లు 120 కాక 400 ఉంటే కనీసం పది విడతలు కావాలి. 60, 120, 240 అంటూ తొమ్మిదిసార్లు రెట్టింపయ్యే ఎదురుచూపులను కూడితే 30,660 సెకన్లు, అనగా ఎనిమిదిన్నర గంటలు. షిఫ్టు ఇంజనీరుకు 6 గంటలకు కావలసిన పట్టిక పావుతక్కువ తొమ్మిదికి గానీ పూర్తి కాదు; మధ్యలో సర్వరు చాలా భాగం ఖాళీగా కూర్చుని ఉంటుంది.

ఇప్పుడు యాదృచ్ఛికతను ప్రవేశపెడదాం. నియమం ఇది: n వైఫల్యాల తరువాత ఎదురుచూపు సరిగ్గా ఇన్ని సెకన్లు అని కాక, సున్నాకూ ఆ గరిష్ఠ కాలానికీ మధ్య ఏదో ఒక సంఖ్య. దీనిని ‘ఫుల్ జిట్టర్’ అంటారు. సగం కాలం తప్పనిసరిగా ఆగి మిగతా సగాన్ని మాత్రమే యాదృచ్ఛికం చేసే పద్ధతి కూడా ఉంది. 2015లో అమెజాన్ వెబ్ సర్వీసెస్ ఇంజనీరు మార్క్ బ్రూకర్ ఇటువంటి పద్ధతులను కంప్యూటరులో అనుకరించి, పోల్చి ప్రకటించిన తరువాత ఫుల్ జిట్టర్ విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. సున్నా నుండి మొదలుపెట్టడం చూడడానికి తొందరపాటుగా తోస్తుంది. కానీ మనకు కావలసినది ఒక్కొక్క కంప్యూటరు ఓపిక కాదు, గుంపు పలచబడడం.

అవే 120 ఫీడర్లు, మొదటి గరిష్ఠం 60 సెకన్లు. 10వ సెకనున విఫలమైన 80 కంప్యూటర్లు ఈసారి 10 నుండి 70 సెకన్ల మధ్య చెదురుమదురుగా వస్తాయి. సెకనుకు సగటున 1.33. సర్వరు సెకనుకు 4 చేయగలదు గనుక ముందున్న అనాథ వరుస కరగడం మొదలవుతుంది. సుమారు 28వ సెకను తరువాత వచ్చినవాటికి 10 సెకన్లలోపే జవాబు అందుతుంది. అవి దాదాపు 56. అంతకు ముందే వచ్చిన సుమారు 24 కంప్యూటర్లు మరోసారి విఫలమై, ఈసారి 0 నుండి 120 సెకన్ల మధ్య పరచుకుంటాయి. వాటి రాక ఎంత పలుచగా ఉంటుందంటే సర్వరుకు అవి వచ్చినట్టే తెలియదు. మొత్తం అభ్యర్థనలు దాదాపు 225, మొత్తం సమయం రెండున్నర నిమిషాలు. ఫీడర్లు 400 అయినా ఇదే నియమం నిలుస్తుంది: రెండవ విడతలో రాక సెకనుకు 6, అది ఎక్కువే, మూడవదానికి 3 కంటే తక్కువ, ఆ తరువాత ఇంకా తక్కువ. రాక రేటు సర్వరు సామర్థ్యానికి దిగువకు పడిన మరుక్షణం చిక్కు తనంతట తాను విడిపోతుంది.

మొదటి గరిష్ఠాన్ని ఎంచుకునే సూత్రం కూడా ఇందులోనే ఉంది. ఒకేసారి విఫలం కాగల కంప్యూటర్ల సంఖ్యను సర్వరు సెకనుకు చేయగల పనితో భాగించాలి. ఇక్కడ 80ని 4తో భాగిస్తే 20 సెకన్లు. అది సమతూకపు హద్దు మాత్రమే. పేరుకుపోయిన వరుస కరగాలంటే దానికి రెండు మూడు రెట్లు తీసుకోవాలి. తెరముందు మనిషి ఎదురుచూస్తున్న పనికి నిమిషం ఎక్కువే. రాత్రి పనికి ఎవరూ ఎదురుచూడడం లేదు; 6 గంటలలోపు ముగిస్తే చాలు. పగటి ప్రోగ్రాముల నుండి 1 సెకను, 2 సెకన్ల విలువలను యథాతథంగా రాత్రి పనులలోకి తెచ్చుకోవడం పిసినారితనానికి తావులేని చోట పిసినారితనం.

ఈ ఊహ కొత్తదేమీ కాదు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య రేడియో ద్వారా కంప్యూటర్లను కలిపిన అలోహా వ్యవస్థలో, రెండు సందేశాలు ఢీకొంటే ఇరువురూ యాదృచ్ఛిక కాలం ఆగి మళ్ళీ పంపేవారు. రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ రూపొందించిన ఈథర్‌నెట్ ఆ ఊహకు రెట్టింపును చేర్చింది. పాత కోయాక్సియల్ కేబుళ్ళతో కుస్తీపట్టిన మా తరం వారికి ఆ నియమం గుర్తుండే ఉంటుంది: 10 మెగాబిట్ల ఈథర్‌నెట్‌లో కాలపు మెట్టు 51.2 మైక్రోసెకన్లు, n సార్లు ఢీకొన్న తరువాత 0 నుండి 2ⁿ−1 వరకు ఏదో ఒక సంఖ్యన్ని మెట్లు ఆగాలి, పదవ ఢీ తరువాత ఆ హద్దు 1023 వద్ద నిలిచిపోతుంది, 16 ప్రయత్నాలు విఫలమైతే విరమించుకుని పైవారికి చెప్పాలి. రెట్టింపు, యాదృచ్ఛికత, గరిష్ఠ హద్దు, విరమణ ఈ నాలుగూ అందులో ఉన్నాయి. ఆ చివరి రెండింటినే మన ప్రోగ్రాములు తరచుగా మరచిపోతాయి.

హద్దు లేకపోతే పదవ ఎదురుచూపే గంటల్లోకి పోతుంది. సర్వరు బాగుపడినా మన పని నిద్రపోతూనే ఉంటుంది. విరమణ విషయంలో ప్రయత్నాల సంఖ్యను బట్టి కాక గడియారాన్ని బట్టి ఆగడం మంచిదని నా అభిప్రాయం. ఎన్నిసార్లు ప్రయత్నించారన్నది ఇంజనీరుకు అక్కరలేదు. 05:30కి ఫైలు చేరిందా లేదా అన్నదే కావాలి. అప్పటికీ చేరకపోతే వైఫల్య సంకేతంతో ముగిసి, రాత్రి షిఫ్టులో ఉన్నవారికి అలారం మోగాలి; ఫోను చేసి రీడింగు అడగడానికి అరగంట మిగులుతుంది. పైథాన్ భాషలో దీని సారం ఇంతే:

```python
import random, time

BASE, CAP = 60, 1800
n = 0
while True:
    result = send_file()
    if result == "OK":
        break
    if result == "PERMANENT":
        raise SystemExit(2)
    wait = random.uniform(0, min(CAP, BASE * 2**n))
    if time.time() + wait > deadline:
        raise SystemExit(1)
    time.sleep(wait)
    n += 1
```

ఇందులో `deadline` అంటే ఆనాటి 05:30. `CAP` 1800 సెకన్లు, అంటే అరగంట. దీని ఫలితం అసలైన వైఫల్యం వచ్చినప్పుడు తెలుస్తుంది. విద్యుత్ మరమ్మతు కోసం సర్వరును అర్ధరాత్రి నుండి 03:00 వరకు ఆపివేశారనుకుందాం. సగటు ఎదురుచూపులు 30, 60, 120, 240, 480 సెకన్లుగా పెరిగి, అక్కడి నుండి 15 నిమిషాల వద్ద నిలకడగా ఉంటాయి. మూడు గంటలయ్యే లోపు ఒక్కో కంప్యూటరు దాదాపు 15 సార్లు మాత్రమే తలుపు తడుతుంది. 03:00కి సర్వరు లేచినప్పుడు 120 కంప్యూటర్లూ రాబోయే అరగంటలో పరచుకుని, సగటున 15 సెకన్లకు ఒకటి చొప్పున వస్తాయి. అప్పుడే లేచిన యంత్రానికి అది పథ్యంలాంటి పని. 03:30 దాటేసరికి ఫైళ్ళన్నీ చేరి ఉంటాయి.

ప్రోగ్రాములోని `PERMANENT` అన్న మాటకు కొంత వివరణ అవసరం. కనెక్షన్ నిరాకరణ, కాలాతీతం, సర్వరు ఇచ్చే `503`, `429` సంకేతాలు తాత్కాలికమైనవి, మళ్ళీ ప్రయత్నించవచ్చు. ఫైలు రూపం తప్పని చెప్పే `400`, గుర్తింపు చెల్లదని చెప్పే `401`, అనుమతి లేదనే `403` ఎంతసేపు ఆగినా మారవు. గడువు తీరిన పాస్‌వర్డుతో రాత్రంతా ప్రయత్నించే పని చివరికి ఖాతానే మూసివేయించగలదు. కొన్ని సర్వర్లు `503`తో పాటు `Retry-After: 120` అని తామే కాలం సూచిస్తాయి. దానిని గౌరవించాలి. కానీ అందరికీ ఒకే 120 చెప్పారు గనుక, దానిపై మళ్ళీ యాదృచ్ఛిక కాలాన్ని కలిపి ఆగాలి. లేకపోతే సర్వరే గుంపును పిలిచినట్లవుతుంది.

కాలాతీతం తాత్కాలికమే అయినా ప్రమాదకరమైన తాత్కాలికం. మన ఉదాహరణకు తిరిగి వెళ్తే, 10వ సెకనున వదిలివేయబడిన ఆ 80 ఫైళ్ళను సర్వరు 30వ సెకనుకల్లా నిజంగానే నమోదు చేసింది. చేరనిది ఫైలు కాదు, రసీదు. పంపినవారికి ఆ తేడా తెలిసే మార్గం లేదు. అందుకే మళ్ళీ పంపారు. సర్వరు వచ్చిన ప్రతి ఫైలునూ పట్టికలో కొత్త వరుసలుగా చేర్చితే, ఒక ఫీడరు వినియోగం ఆరేడు రెట్లుగా లెక్కకెక్కుతుంది. రాని లెక్క కంటే ఇది చెడ్డది, ఎందుకంటే పట్టిక నిండుగా కనిపిస్తుంది. ఫీడరు సంఖ్య, తేదీ, కాలఖండం ఈ మూడింటినీ కలిపి పట్టికకు విశిష్ట కీగా పెట్టి, అదే కీతో మళ్ళీ వచ్చినదానికి ‘ఇదివరకే చేరింది’ అని వెంటనే విజయ సంకేతం ఇవ్వాలి. ఈ ఏర్పాటు లేని సర్వరుకు పునఃప్రయత్నాలు చేసే పనిని అసలు జోడించకూడదు. ఉంటే మాత్రం అదనపు లాభం: రెండోసారి వచ్చిన ఫైలుకు 2 సెకన్లు పట్టదు.

యాదృచ్ఛికత పేరుకు ఉండి పనికి లేకపోవడం మరొక తరహా దోషం. సి భాషలో `srand(time(NULL))` అని రాసే అలవాటు ఉంది; యాదృచ్ఛిక సంఖ్యల వరుస మొదలయ్యే బీజం సెకన్లలో ఉన్న గడియారం. 120 కంప్యూటర్ల గడియారాలూ చక్కగా సరిచేయబడి, పని అన్నిటిలోనూ 00:15:00కే మొదలైతే, అన్నిటికీ ఒకే బీజం, ఒకే వరుస. అందరూ ‘యాదృచ్ఛికంగా’ 37 సెకన్లే ఆగుతారు. గడియారాలు ఎంత ఖచ్చితంగా ఉంటే దోషం అంత ఖచ్చితంగా పని చేస్తుంది. బీజంలో ఫీడరు సంఖ్యను కలిపితే ఈ చిక్కు తొలగుతుంది. పైథాన్ తన బీజాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ నుండి తీసుకుంటుంది గనుక, ఎవరూ పనిగట్టుకుని `random.seed` రాయనంతవరకు పై ప్రోగ్రాముకు ఆ బెడద లేదు.

అన్నిటికంటే చౌకైన జిట్టర్ మొదటి ప్రయత్నానికి ముందే ఉంది. 120 పనులూ 00:15కే మొదలు కావాలని ఏ నియమమూ లేదు. లినక్స్‌లో systemd టైమరుకు ఒక్క పంక్తి చేర్చితే చాలు:

```ini
[Timer]
OnCalendar=*-*-* 00:15:00
RandomizedDelaySec=600
```

పది నిమిషాలలో 120 ఫైళ్ళు అంటే 5 సెకన్లకు ఒకటి. సర్వరు సామర్థ్యంలో ఇరవయ్యో వంతు. మామూలు రాత్రి ఒక్క వైఫల్యమూ ఉండదు. బ్యాకాఫ్ అవసరం అసాధారణ రాత్రులకే మిగులుతుంది.

మన వద్ద ఇప్పటికే నడుస్తున్న పనులలో ఈ రోగం ఉందో లేదో తెలుసుకోవడానికి కొత్త పరికరాలు అక్కరలేదు. సర్వరు లాగ్ నుండి ఏ సెకనున ఎన్ని అభ్యర్థనలు వచ్చాయో లెక్కించి ఒక గీతగా గీయాలి. రంపపు పళ్ళవలె నిటారైన శిఖరాలు, వాటి మధ్య దూరం ప్రతిసారీ ఇంచుమించు రెట్టింపవుతూ ఉంటే, అది జిట్టర్ లేని బ్యాకాఫ్. శిఖరాల మధ్య దూరం ఎప్పుడూ ఒకటే అయితే బ్యాకాఫ్ కూడా లేదు. మొదటి శిఖరం తరువాత గీత గుట్టవాలులా మెల్లగా దిగిపోతే రెండూ ఉన్నాయన్నమాట. పంపే వైపు లాగ్‌లో మాత్రం ప్రతి ప్రయత్నానికీ దాని సంఖ్య, వైఫల్య సంకేతం, ఆగబోయే కాలం ఈ మూడూ ఒకే పంక్తిలో రాయించుకోవాలి. ‘విఫలమైంది, మళ్ళీ ప్రయత్నిస్తున్నాను’ అన్న పంక్తులు వంద ఉన్నా ఉదయం వచ్చిన ఇంజనీరుకు వాటి నుండి తెలిసేది ఏమీ ఉండదు. నెగ్గిన పనిలో కూడా ఎన్నవ ప్రయత్నంలో నెగ్గిందో రాయించాలి. నెల క్రితం అన్నీ మొదటి ప్రయత్నంలోనే నెగ్గుతూ, ఈ వారం సగం మూడవదానిలో నెగ్గుతున్నాయంటే, పట్టిక 6 గంటలకు సక్రమంగానే వస్తున్నప్పటికీ సర్వరు వద్ద ఏదో నిండుకుంటోంది. డిస్కును ముందుగా చూడాలి.